నాలుగు గోడలూ కొలిచినా గది రాలేదు

రాజమండ్రిలో ఆ ఇంటి ముందు గదిని చూసినవాళ్లెవరైనా పన్నెండు బై పద్నాలుగు అనేస్తారు. ఇంటావిడా అదే చెప్పారు. మేస్త్రీ అడుగులో అడుగు వేసి చూసి ఔనన్నాడు. నేను టేపు పట్టి కొలిస్తే కూడా అదే తేలింది. వీధి వైపు గోడ 3660 మిల్లీమీటర్లు, దాని ఎదురు గోడ 3660, పక్క గోడలు రెండూ 4270. అడుగుల్లో చెప్పాలంటే పన్నెండు, పద్నాలుగు. నోట్‌బుక్కులో రాసుకుని పక్క గదిలోకి వెళ్లబోతుంటే మా సీనియర్ ఆర్కిటెక్టు గుమ్మంలో నిలబడి ఉన్నారు.

"ఐమూల కొలిచావా?"

"నాలుగు గోడలూ కొలిచాను సార్."

"గోడల సంగతి కాదమ్మా, మూల నుంచి మూలకి."

వీధి గోడ ఎడమ మూల నుంచి లోపలి కుడి మూలకు లేజర్ మీటర్ పెట్టాం. 5695 చూపించింది. రెండో వైపు 5555 వచ్చింది. గది చక్కగా చతురంగా ఉంటే రెండూ ఒకటే కావాలి, రెండూ 5624కి అటూఇటూ రావాలి. ఇక్కడ 140 మిల్లీమీటర్ల తేడా, అంటే ఐదున్నర అంగుళాలు. నేను నోట్‌బుక్కులో ముచ్చటగా గీసుకున్న పెట్టె లాంటి బొమ్మకీ, మేం నిలబడి ఉన్న గదికీ పోలిక లేదని అప్పుడు అర్థమైంది.

ఆర్కిటెక్చర్ డిగ్రీ ఐదేళ్లు. అందులో ఒక సెమిస్టరు ఏదో ఒక ఆఫీసులో పని నేర్చుకోవాలి. ఆ ఇంటర్న్‌షిప్‌లో చేరినవాళ్లకి మొదటి రోజే భవనం డిజైన్ చేయమని ఎవరూ ఇవ్వరు. చేతికి టేపు ఇచ్చి ఒక పాత ఇంటికి పంపిస్తారు. వెళ్లి కొలతలు తేవాలి, వాటిని క్యాడ్‌లో గీయాలి. మేం వెళ్లిన ఇల్లు కట్టి అరవై ఏళ్లు దాటింది. ప్లాను కాగితం ఇంట్లో లేదు, అసలు ఎప్పుడైనా ఉందో లేదో ఇంటావిడకే గుర్తు లేదు. ఆవిడ కోరిక చిన్నదే. ముందు గదిలో కొత్త టైల్స్ వేయాలి, వంటగది కొంచెం మార్చాలి, వెనకాల ఉన్న బాత్రూమ్ ఇంటికి కలపాలి. వీటిలో ఏ పనికైనా ముందు, ఇప్పుడున్న ఇల్లు ఉన్నది ఉన్నట్టు కాగితం మీదకు రావాలి.

నాలుగు గోడల కొలతలూ సరిగ్గా ఉండి గది ఆకారం తప్పు ఎలా అవుతుందని నాకు ఆ పూట అంతుపట్టలేదు. మధ్యాహ్నం అరుగు మీద టిఫిన్ బాక్సు విప్పుకున్నప్పుడు సార్ పెరట్లో ఉన్న నులక మంచం చూపించారు. కోళ్ల దగ్గర పట్టెలు వదులైన మంచాన్ని ఒక మూల పట్టుకుని తోస్తే అది పక్కకు ఒరుగుతుంది. పట్టెల పొడవు ఒక్క అంగుళం కూడా మారదు, మంచం ఆకారం మాత్రం మారిపోతుంది. నాలుగు పొడవులు తెలిసినంత మాత్రాన ఆకారం తెలియదు. ఒక మూల నుంచి ఎదురు మూలకు అడ్డంగా కర్ర కొట్టేస్తే మంచం ఇక కదలదు, ఎందుకంటే ఇప్పుడు అది రెండు త్రిభుజాలు. మూడు పొడవులు తెలిస్తే త్రిభుజం ఒకే ఒక్క ఆకారంలో కుదురుతుంది.

ఇది పొలాలు కొలిచేవాళ్లకి పాత సంగతి. ఆంధ్ర ప్రాంతంలో సర్వే నంబరుకి ఎఫ్ఎంబీ కాగితం తీయించుకున్నవాళ్లు చూసే ఉంటారు, పొలం మధ్యలోంచి ఒక మూల నుంచి ఇంకో మూలకు గీత పోతుంది. గట్ల పొడవు ఒక్కటే కొలిస్తే పొలం మళ్లీ గీయడానికి రాదు కనుక సర్వేయరు పొలంలో అడ్డంగా గొలుసు లాగేవాడు. గది కూడా ఒక చిన్న పొలమే అనుకుంటే సరిపోతుంది. కొత్త ఇంటికి ముగ్గు పోసేటప్పుడు మేస్త్రీలు మూడు, నాలుగు, ఐదు అడుగుల లెక్కతో మూలమట్టం చూసుకోవడం కూడా ఇదే త్రిభుజం. వాళ్లు మూల సరిగ్గా తిప్పడానికి వాడతారు. మేం ఎప్పుడో తిరిగిపోయిన మూల ఎంత తప్పిందో తెలుసుకోవడానికి వాడతాం.

ఆ గది ఎందుకు ఒరిగిందో బయటికొచ్చి చూస్తే తెలిసిపోయింది. వీధి నేరుగా లేదు. ఆ ఇంటి దగ్గరకొచ్చేసరికి కొంచెం వంకర తిరిగింది. పక్క గోడలు స్థలం హద్దు వెంట లోపలికి పోయాయి, ముందు గోడ వీధి వెంట కట్టారు. హద్దుకీ వీధికీ మధ్య కోణం తొంభై డిగ్రీలు కానప్పుడు గది మాత్రం తొంభైలో ఎక్కడ నిలబడుతుంది? పాత ఊళ్లలో వీధి మలుపుల్లో ఉన్న ఇళ్లు చాలావరకు ఇలాగే ఉంటాయి.

ఇక కొలతల స్కెచ్ గురించి. టేపు బయటికి తీయకముందే బొమ్మ పూర్తి కావాలి. నేను మొదటి గదిలో చేసిన తప్పు అదే. ఒక గోడ కొలవడం, ఒక గీత గీయడం, ఇంకో గోడ కొలవడం, ఇంకో గీత గీయడం. మూడో గోడకి వచ్చేసరికి కాగితం అయిపోయింది, తలుపు ఎక్కడ పెట్టాలో చోటు లేదు. సార్ నా చేతిలో టేపు తీసుకుని జేబులో వేసుకున్నారు. ముందు ఇల్లంతా ఒకసారి తిరిగి చూడమన్నారు. ఏ గదిలోంచి ఏ గదిలోకి దారి, గోడలు ఒకే వరుసలో ఉన్నాయా, ఎక్కడ మెట్టు దిగుతుంది అన్నవి చూశాక మొత్తం ఇంటిని ఒక కాగితం మీద చిన్నదిగా గీయించారు. ఆ తర్వాత ఒక్కో గదికి ఒక్కో పేజీ. ఛాతీ ఎత్తులో ఇంటిని అడ్డంగా కోసి పై భాగం ఎత్తేసి చూస్తే ఏం కనిపిస్తుందో అదే ప్లాను. కిటికీలు, తలుపులు కోతలో పడతాయి, అటకలు కోత పైన ఉంటాయి కనుక వాటిని చుక్కల గీతతో చూపించాలి. గోడలు పెన్సిల్‌తో, అంకెలు ఎర్ర పెన్నుతో. రెండూ ఒకే రంగులో ఉంటే సాయంత్రం ఆఫీసులో కూర్చున్నప్పుడు ఏది గీతో, ఏది అంకెలో ఒకటో తెలియదు. ఆ తిప్పలు నేను పడ్డాను.

స్కెచ్‌కి ఒక మంచి పరీక్ష ఉంది. ఆ ఇంటికి ఎప్పుడూ రాని మనిషి చేతికి నోట్‌బుక్ ఇస్తే, నిన్ను ఒక్క ప్రశ్న కూడా అడగకుండా ఆ ఇల్లు గీయగలగాలి. మా ఆఫీసులో ఇద్దరు ఇంటర్న్‌లం ఉండేవాళ్లం. సార్ మా నోట్‌బుక్కులు మార్చేసేవారు. నేను కొలిచింది అతను, అతను కొలిచింది నేను గీయాలి. మొదటి వారం మేం ఒకరినొకరు తిట్టుకున్నంత ఇంకెప్పుడూ తిట్టుకోలేదు.

కిటికీలు, తలుపులున్న గోడ కొలిచే పద్ధతి వేరు. ముందు గదిలో లోపలి గోడనే తీసుకుందాం. మూల నుంచి కిటికీ దాకా ఎంత, కిటికీ ఎంత, కిటికీకీ తలుపుకీ మధ్య ఎంత అని ముక్కలుగా కొలవడం సహజంగా అనిపిస్తుంది. కానీ ప్రతిసారీ టేపు ఎత్తి పెట్టినప్పుడల్లా రెండు మూడు మిల్లీమీటర్లు అటో ఇటో పోతుంది. అయిదు ముక్కలయ్యేసరికి ఆ పొరపాట్లన్నీ కలిసి చివరి తలుపు మీద పడతాయి. అందుకని టేపు మొదటి మూలకు ఆనించి గోడ పొడవునా చాచి, ఇక దాన్ని కదపకుండా వరసగా చదువుకుంటూ పోవాలి. మేం ఆ గోడకి రాసుకున్నవి ఇవి: 0, 685, 1905, 2540, 3450, 3660. అంటే 685 దగ్గర కిటికీ మొదలై 1905 దగ్గర ముగిసింది. 2540 నుంచి 3450 దాకా తలుపు. 3660 దగ్గర గోడ అయిపోయింది. కిటికీ వెడల్పు కావాలంటే ఒకదాంట్లోంచి ఒకటి తీసేస్తే 1220, అంటే నాలుగడుగులు. ఇలా రాసుకుంటే ఒక అంకె తప్పు చదివినా ఆ తప్పు అక్కడికక్కడే ఆగుతుంది, పక్కదాని మీదకు పాకదు. పైగా చివరి 3660ని లేజర్‌తో విడిగా కొలిచినదానితో సరిచూసుకోవచ్చు.

తలుపు 2540 దగ్గర మొదలైందంటే ఏది మొదలైనట్టు? ద్వారబంధం చెక్క అంచా, గోడ అంచా? ఏదైనా ఫరవాలేదు, ఇల్లంతా ఒకటే పాటించి, ఏది పాటించామో పేజీ మీద రాస్తే చాలు. మేం గోడ అంచు పట్టుకున్నాం.

పనిముట్ల గురించి ఒక మాట. స్టీలు టేపు కొనకున్న కొక్కెం కొంచెం లొటలొటలాడుతుంటే నేను విరిగిందనుకుని వేరే టేపు తెచ్చుకున్నాను. అదీ అలాగే ఊగింది. అది కావాలని అలా చేసినదే. కొక్కేన్ని అంచుకు తగిలించి లాగినప్పుడు దాని మందం లెక్కలోకి రాకూడదు, గోడకు ఆనించి నొక్కినప్పుడు రావాలి. అందుకే కొక్కెం సరిగ్గా దాని మందమంత ముందుకీ వెనక్కీ జరుగుతుంది. లేజర్ మీటర్ ఇంకో రకం చిక్కు తెస్తుంది. మామూలుగా అది తన వెనక అంచు నుంచి కొలుస్తుంది, కావాలంటే ముందు అంచు నుంచి కొలిచేలా మార్చుకోవచ్చు. ఎవరో ముందు రోజు మార్చి వదిలేస్తే, మీరు చూసుకోకపోతే, ఆ రోజు కొలతలన్నీ పరికరం పొడవంత తక్కువ వస్తాయి. అందుకే ఉదయం మొదటి గోడ టేపుతోనూ లేజర్‌తోనూ కొలిచి రెండూ కలిశాకే పని మొదలుపెట్టాలి. గోడ నుంచి గోడకు కొలిచేటప్పుడు లేజర్ ఏమాత్రం వంకరగా పోయినా అంకె పెరుగుతుంది కనుక, కొంచెం అటూఇటూ ఊపి అన్నిటికన్నా చిన్న అంకె తీసుకోవాలి. ఐమూలకి సంగతి తిరగబడుతుంది. చుక్క మూలలో నుంచి ఏ పక్కకు జారినా అంకె తగ్గుతుంది, అందుకని అన్నిటికన్నా పెద్దది తీసుకోవాలి. ఎండలో చుక్క కనబడదు. పెరడు కొలవడానికి ముప్పై మీటర్ల పొడవాటి టేపే గతి.

మేం మిల్లీమీటర్లలో రాసుకున్నాం గానీ, ఊళ్లో పని అంతా అడుగులు, అంగుళాల్లోనే నడుస్తుంది. మేస్త్రీ "పన్నెండు ఆరు" అంటాడు. అంటే పన్నెండడుగుల ఆరంగుళాలు. ఇంటర్న్ దాన్ని 12.6 అని రాస్తాడు. ఆఫీసుకొచ్చి ఆ 12.6ని కాలిక్యులేటర్‌లో కొట్టి మిల్లీమీటర్లు చేస్తే 3840 వస్తుంది. అసలు కావాల్సింది 3810. అడుగుకి పన్నెండు అంగుళాలు, దశాంశానికి పది. ముప్పై మిల్లీమీటర్లు ఇలా మాయమైనట్టు ఎవరికీ కనబడదు, ఎందుకంటే రెండు అంకెలూ నమ్మదగ్గట్టే ఉన్నాయి. ఇంకా ఘోరం 12.10. అది పన్నెండడుగుల పది అంగుళాలు. కాలిక్యులేటర్‌కి మాత్రం అది 12.1. తేడా 220 మిల్లీమీటర్లు దాటిపోతుంది. అడుగుల్లో రాస్తే 12'6" అని గుర్తులతో రాయాలి, లేకపోతే మొత్తం మిల్లీమీటర్లలోనే రాయాలి. మధ్యేమార్గం అన్నది ఇక్కడ పనికిరాదు.

ఇంటి నేల ఎత్తుపల్లాలకి మా సార్ ఏ పరికరమూ తేలేదు. మేస్త్రీ దగ్గరున్న ట్యూబ్ లెవెల్ అడిగారు. అదొక తెల్లటి ప్లాస్టిక్ గొట్టం, లోపల నీళ్లు. రెండు కొసల్లోనూ నీళ్లు ఒకే ఎత్తులో నిలబడతాయి. ముందు గది నేల నుంచి 1000 మిల్లీమీటర్ల ఎత్తులో గోడ మీద సుద్దతో గీత గీసి, గొట్టం రెండో కొసను పెరటి గోడ దాకా లాక్కెళ్లి అక్కడా అదే ఎత్తులో గీత గీశాం. ఆ గీత నుంచి పెరటి నేలకి 1385 వచ్చింది. అంటే పెరడు ముందు గది కంటే 385 కింద ఉంది. బాత్రూమ్ ఇంటికి కలపాలంటే ఈ ఒక్క అంకె మిగతా అన్నిటికన్నా ముఖ్యం, నీళ్లు ఎటు పోవాలో అదే చెబుతుంది. గొట్టంలో గాలి బుడగ ఉంటే మాత్రం కొలత తప్పుతుంది. మేస్త్రీ గొట్టాన్ని ముందు వేలితో తడుముతూ బుడగలన్నీ బయటికి పంపించాకే మాకిచ్చాడు.

సాయంత్రం ఆఫీసుకొచ్చి క్యాడ్ తెరిచాను. కొత్తవాళ్లు ఇక్కడ చేసే పని ఏమిటంటే, రెక్టాంగిల్ ఆదేశం ఇచ్చి 3660, 4270 కొట్టేయడం. ఒక్క క్షణంలో గది వచ్చేస్తుంది. నాలుగు గోడల కొలతలూ అక్షరాలా సరిపోతాయి. ఎవరు ఏ గోడ పొడవు చూసినా తప్పు పట్టలేరు. కానీ అది ఆ గది కాదు.

నిజమైన గది రావాలంటే స్కూల్లో కాంపాస్‌తో త్రిభుజం గీసినట్టే గీయాలి. ముందు యూనిట్లు మిల్లీమీటర్లు అని పెట్టుకోవాలి. క్యాడ్‌లో ఇంటిని అసలు సైజులోనే గీస్తాం, చిన్నది చేయడం ప్రింటు తీసేటప్పటి పని. వీధి గోడ ఎడమ మూల `A`, కుడి మూల `B`, లోపలి కుడి మూల `C`, లోపలి ఎడమ మూల `D` అనుకుందాం. టైపు చేసింది ఇంతే:

```
LINE    0,0     3660,0
CIRCLE  3660,0  4270
CIRCLE  0,0     5695
```

మొదటి వరస వీధి గోడ. రెండోది `B` చుట్టూ పక్క గోడ పొడవుతో గీసిన వృత్తం, మూడోది `A` చుట్టూ ఐమూల పొడవుతో గీసిన వృత్తం. ఈ రెండు వృత్తాలు కలిసిన చోటే `C`. అవి రెండు చోట్ల కలుస్తాయి, ఒకటి ఇంటి లోపల, ఒకటి వీధిలో. వీధిలోది వదిలేయాలి. ఇప్పుడు `A` చుట్టూ 4270తో ఒకటి, `C` చుట్టూ 3660తో ఒకటి గీస్తే `D` దొరుకుతుంది. మూలలు కలిపి వృత్తాలు చెరిపేస్తే గది నిలబడింది. `C` మూల ఎక్కడుండాలో అక్కడి నుంచి 110 మిల్లీమీటర్లు కుడి వైపుకి జరిగి ఉంది. పద్నాలుగడుగుల గోడ నాలుగంగుళాలు దాటి ఒరిగిందన్నమాట. కోణం చూస్తే `B` దగ్గర తొంభై ఒకటిన్నర డిగ్రీలు. గదిలో నిలబడితే కన్ను దీన్ని పట్టలేదు.

రెండో ఐమూలని గీయడానికి వాడలేదు. అది దాచిపెట్టిన సాక్షి. `DIST` అని కొట్టి `B`, `D` మూలలు నొక్కితే స్క్రీను మీద 5552 వచ్చింది. మేం ఇంట్లో కొలిచింది 5555. మూడు మిల్లీమీటర్లు. పాత సున్నం గోడ మీద పూత అంతకంటే ఎక్కువ హెచ్చుతగ్గులుంటుంది కనుక అది సరిపోయినట్టే. ముప్పై వచ్చి ఉంటే ఆరు కొలతల్లో ఏదో ఒకటి తప్పని తేలేది. ఏది తప్పో మాత్రం చెప్పదు, మళ్లీ ఇంటికెళ్లి కొలవాల్సిందే. ఐమూలలు రెండూ ఎందుకు తీసుకోవాలంటే, ఒకటి గీయడానికి, ఒకటి నిలదీయడానికి.

క్యాడ్‌లో `F8` నొక్కితే గీతలు నిలువుగానో అడ్డంగానో మాత్రమే వెళ్తాయి. కొత్త భవనాలకి ఇది వరం. పాత ఇంటికి మాత్రం ఇది కొలతలను మెల్లగా చెరిపేస్తుంది. ముందు గది కష్టపడి వంకరగా గీశాక మధ్య గదికి వచ్చేసరికి నా చెయ్యి అలవాటుగా ఆ మీట నొక్కింది. గోడ మందం కోసం గీతను పక్కకు `OFFSET` చేసి, మూలలు `FILLET` చేసి ఇంటిని చకచకా పూర్తి చేస్తుంటే, మధ్య గది తిన్నగా, ముందు గది వంకరగా, మధ్య గది పక్క గోడ ఒక కొసలో లావుగా, ఇంకో కొసలో సన్నగా తయారైంది. తలుపు దగ్గర మేం కొలిచిన మందం 260, బొమ్మలో కిటికీ పక్కన 180. గోడ మందం ఉన్నట్టుండి మారితే గోడ మీద అనుమానపడే ముందు మన చేతి మీద అనుమానపడాలి.

ఇంతకన్నా పెద్దది మర్నాడు బయటపడింది. పక్క సందులోంచి ఇంటి మొత్తం పొడవు పొడవాటి టేపుతో కొలిచాం, 12530. లోపలి గదులు, గోడల మందాలు కలిపితే దాదాపు అదే రావాలి. నేను కలిపాను. ముందు గోడ 380, ముందు గది 4270, మధ్య గోడ 260, మధ్య గది 3290, ఇంకో గోడ 260, వంటగది 3050, వెనక గోడ 380. మొత్తం 11890. అంటే 640 మిల్లీమీటర్లు, రెండడుగులకు పైగా, ఇంట్లో ఎక్కడో లేకుండా పోయాయి.

పాత ఇళ్లలో ఇలాంటి లోటు కనబడగానే భయమూ ఆశా రెండూ పుడతాయి. మూసేసిన అలమారా కావచ్చు, ఎప్పుడో ఇటుకలతో కప్పేసిన గుమ్మం కావచ్చు, రెండు గోడలు ఆనుకుని ఉండొచ్చు. నేను ఇంటావిడకి ఫోన్ చేసి ఆ గోడల మధ్య ఏమైనా ఉందా అని అడగడానికి సిద్ధపడ్డాను. సార్ నోట్‌బుక్ తీసుకుని మధ్య గది పేజీ చూశారు. ఐమూల వేసి సరిచూశావా అన్నారు. ఆ గదికి మంచాలు, బీరువాలు అడ్డమొచ్చి ఒక్క ఐమూలే కొలిచాం. దాన్ని బొమ్మ మీద పెట్టి చూస్తే కుదరలేదు. ఇంటికి వెళ్లి లేజర్ పెడితే మధ్య గది 3920. నా సహచరుడు అంకెలు పైకి చదివాడు, మూడు తొమ్మిది రెండు సున్నా అని. నేను మూడు రెండు తొమ్మిది సున్నా అని రాశాను. 3920 పెట్టి కూడితే మొత్తం 12520. బయట కొలిచిన దానికి పది మిల్లీమీటర్ల తేడా. పన్నెండున్నర మీటర్ల మీద, అందులోనూ పూత ఊడిన పాత గోడ వెంట, పది అంటే గర్వపడొచ్చు. అప్పటి నుంచి ఒకరు అంకె చెబితే రాసేవాళ్లు దాన్ని తిరిగి చదివి వినిపించాకే టేపు ఎత్తడం అలవాటు చేసుకున్నాం.

అలాంటి లోటు దొరికినప్పుడు ఒక పాపిష్టి దారి కూడా ఉంది, దాన్ని చాలామంది పట్టుకుంటారు. క్యాడ్‌లో కొలత గీత మీద ఉన్న అంకెను చేత్తో మార్చేయొచ్చు. బొమ్మలో 3290 ఉన్నా పైన 3920 అని రాసేయొచ్చు. కాగితం చూసినవాడికి అంతా సరిగ్గా ఉంటుంది. ఆ బొమ్మను కాపీ చేసుకుని దాని మీద కిచెన్ గట్టు గీసినవాడికి, టైల్స్ లెక్క కట్టినవాడికి మాత్రం పాత తప్పే అందుతుంది. అంకె తప్పయితే గీతను కదిలించాలి, అంకెను కాదు. మా ఆఫీసులో ఈ ఒక్క పని చేసినవాళ్లని సార్ పిలిచి అందరి ముందూ మాట్లాడేవారు. మిగతా తప్పులకు గొంతు పెంచేవారు కాదు.

క్యాడ్ చూపించే అంకెల మీద కూడా నాకొక అనుమానం మిగిలింది. `C` మూల ఎక్కడుందో అడిగితే అది 3769.9 అని చెబుతుంది. ఆ చివరి తొమ్మిది మనం కొలిచింది కాదు, వృత్తాలు కలిసినందువల్ల పుట్టింది. పాత గోడ మీద అయిదు మిల్లీమీటర్ల కంటే సన్నంగా మాట్లాడటం అబద్ధమే. అందుకే కొలతల్లో దశాంశాలు కనబడకుండా పెట్టి, పని మొదలుపెట్టే ముందు సైట్‌లో సరిచూసుకోవాలని ప్రింటు మీద ఒక వాక్యం రాస్తారు. అది తప్పించుకోవడానికి రాసే వాక్యం అనుకునేదాన్ని.

చివరికి ముందు గది ప్లాను ఏ3 కాగితం మీద, యాభైకి ఒకటి లెక్కలో ప్రింటు తీసి పట్టుకెళ్లాం. గోడలు లావు గీతలు, తలుపు రెక్కలు సన్నగా, పైకప్పు దూలాలు ఏ గోడ నుంచి ఏ గోడకు ఉన్నాయో చుక్కల్లో. ఆ పాత ఇంటిది మద్రాసు టెర్రస్, టేకు దూలాల మీద నిలబెట్టిన ఇటుకల కప్పు. దూలాలు ఏ గోడల మీద కూర్చున్నాయో తెలియకుండా వంటగది గోడ జోలికి వెళ్లకూడదు. ఆ గీతలు గీయడం నేను మొదటిసారి మర్చిపోయి తిట్లు తిన్నాను.

మేస్త్రీ కాగితాన్ని తిప్పి తిప్పి చూశాడు. వంకర గది చూసి, ఇది మీరు సరిగ్గా గీయలేదేమో అమ్మాయ్ అన్నాడు. తన టేపు తీసి ఐమూల వేశాడు. ఒక వైపు పద్దెనిమిది అడుగుల ఎనిమిది అంగుళాలు, ఇంకో వైపు పద్దెనిమిది అడుగుల రెండున్నర దాటింది. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, వీధి గోడ వెంట టైల్స్ మొదలుపెడితే పక్క గోడల దగ్గర ముక్కలు ఒక కొసలో లావుగా, ఇంకో కొసలో సన్నగా పడతాయని, అవి గుమ్మంలోంచి చూస్తే కొట్టొచ్చినట్టు కనబడతాయని తనే చెప్పాడు. లోపలి గుమ్మం దగ్గర మొదటి వరస నిండు టైల్‌తో పెట్టి, గుమ్మానికి పక్కనుండే గోడ వెంట వరసలు తిన్నగా తెచ్చి, వంకర దివాన్ వేసుకునే వీధి గోడ కిందకి తోసేద్దామన్నాడు. ఇంటావిడని పిలిచి దివాన్ ఏ గోడకి వేస్తారని అడిగాడు. ఆవిడ చూపించాక, గుమ్మం అంచు నుంచి వీధి గోడ దాకా పక్క గోడ వెంట దారం కట్టి, దాని మీద సున్నం కొట్టాడు.